నూట ఐదు శాతం నిండిన పెట్టె: ఘన స్ఫటికాల్లో పరమాణువులను లెక్కపెట్టడం ఎలా?

విజయనగరంలో మా ఇంటి వరండాలో సాయంత్రాలు ఇంటర్మీడియట్ పిల్లలకు రసాయనశాస్త్రం చెబుతుంటాను. ఒకరోజు ఒక అబ్బాయి నోటుపుస్తకం నా ముందు పెట్టి, "మాస్టారూ, అంతఃకేంద్రిత ఘనం లెక్క అయిపోయింది" అన్నాడు. చివరి వరుసలో ప్యాకింగ్ భిన్నం 1.047 అని రాసి, కింద రెండు గీతలు కూడా కొట్టాడు. అంటే పెట్టెలో నూటికి నూట ఐదు వంతులు సరుకు పట్టిందన్నమాట. గుణకారాలన్నీ మళ్లీ చేసి చూశాను. ఒక్క అంకె కూడా తప్పు లేదు. తప్పంతా రెండో వరుసలో ఉంది: పరమాణువులను గోళాలుగా అనుకునే ఈ లెక్కలో, ఏ గోళం ఏ గోళాన్ని తాకుతోందో చూడకుండానే పెట్టె అంచు a గోళం వ్యాసార్థం r కి రెట్టింపని, a = 2r అని రాసేశాడు.

ఈ పాఠంలో దాదాపు అందరూ పడే గుంట ఇదే. సూత్రాలు బట్టీపట్టినవారు కూడా పడతారు. అందుకే గోళీలు పేర్చి చూపించడం మొదలుపెట్టాను. మీరూ అలాగే చేయండి. ఒకే సైజు గాజు గోళీలు పద్నాలుగు, పిల్లలు ఆడుకునే రంగు మట్టి ఒక ముద్ద, ఒక స్కేలు చాలు. బజారులో మామూలుగా దొరికే గోళీ వ్యాసం సుమారు 16 మి.మీ. ఉంటుంది, నా లెక్కలన్నీ ఆ కొలతతోనే చెబుతాను. మీ గోళీ వేరే కొలతదైతే ముందుగా పది గోళీలను వరుసగా పేర్చి, మొత్తం పొడవును పదితో భాగించండి. ఒక్క గోళీని స్కేలు మీద పెట్టి కొలిస్తే తప్పు వస్తుంది.

మొదటి పని: ఎవరి వాటా ఎంత?

స్ఫటికం మొత్తాన్ని ఒకే రకం పెట్టెలను పక్కపక్కన, పైనా కిందా పేర్చి కట్టినట్టు ఊహించుకోండి. ఆ ఒక్క పెట్టే యూనిట్ సెల్. దాని అంచు పొడవు a, పరమాణువు వ్యాసార్థం r. పెట్టె మూలలు పరమాణువుల కేంద్రాల మీద ఉంటాయి కాబట్టి, మూలలో ఉన్న పరమాణువు మొత్తం మన పెట్టెకే చెందదు.

ఎంత చెందుతుంది? మేడ ఇంటిని తలచుకోండి. కింది అంతస్తులో నాలుగు గదులు కలిసే మూల ఒకటుంది. సరిగ్గా దాని పైనే, పై అంతస్తులోని నాలుగు గదులు కూడా కలుస్తాయి. ఆ మూలలో, స్లాబులో సగం దిగబడి ఒక బంతి ఉందనుకుంటే, ఎనిమిది గదుల్లోనూ దాని ముక్క ఒక్కొక్కటి కనబడుతుంది. ఇంకా నమ్మకం కుదరకపోతే రవ్వ లడ్డూ ఒకటి తీసుకొని నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి, బల్లకు సమాంతరంగా ఒకసారి కోయండి. ఎనిమిది సమాన ముక్కలు వస్తాయి. మూల పరమాణువు వాటా అందుకే 1/8. మా వరండాలో ఈ ప్రయోగం ఎన్నిసార్లు చేసినా, ముక్కలు లెక్కపెట్టేలోపే రెండు మాయమవుతాయి.

ఫలకం మధ్యలో ఉన్న పరమాణువు రెండు గదుల మధ్య గోడలో ఇరుక్కున్నట్టుంటుంది. ఇటు సగం, అటు సగం. పెట్టె నడిమధ్యన ఉన్నది పూర్తిగా మనదే. పరమాణువులు మూలల్లో మాత్రమే ఉంటే సరళ ఘనం, వాటికి తోడు నడిమధ్యన ఒకటుంటే అంతఃకేంద్రిత ఘనం, మూలలతో పాటు ప్రతి ఫలకం మధ్యలో ఒక్కొక్కటుంటే ఫలక కేంద్రిత ఘనం. ఇక ఈ మూడు నిర్మాణాలకూ లెక్క కడదాం.

సరళ ఘనం: 8 × 1/8 = 1

అంతఃకేంద్రిత ఘనం: 8 × 1/8 + 1 = 2

ఫలక కేంద్రిత ఘనం: 8 × 1/8 + 6 × 1/2 = 1 + 3 = 4

ఫలక కేంద్రిత ఘనంలో పెట్టె మధ్యన కూడా ఒకటి ఉందనుకొని 5 అని రాసేవారు ఏటా ఒకరిద్దరు కనిపిస్తారు. ఆరు ఫలకాల మీద ఉన్నాయంటే నడుమ కూడా ఒకటి ఉండి తీరాలని వారికి అనిపిస్తుంది. అక్కడ ఏమీ లేదు, ఖాళీయే.

భిన్నాలతో పని లేకుండా ఈ సంఖ్యలను సరిచూసే దారి ఒకటుంది. పరమాణువులను కదపకుండా, పెట్టెను మాత్రం ఒక మూల వైపుగా కాస్త జరపండి. ఏ పరమాణువు కేంద్రమూ గోడ మీద ఉండనంత జరిపితే చాలు. ఇప్పుడు పెట్టె లోపల ఉన్న కేంద్రాలను లెక్కపెట్టండి. సరళ ఘనంలో ఎనిమిది మూలల్లో ఏడు బయటికి పోయి ఒకటి లోపల మిగులుతుంది. అంతఃకేంద్రితంలో దానికి తోడు మధ్యలోది. ఫలక కేంద్రితంలో ఒక మూల, దాన్ని ఆనుకున్న మూడు ఫలకాల మధ్యలవి, వెరసి నాలుగు. వాటాలు పంచినా, పెట్టె జరిపినా ఒకే సంఖ్య రావాలి. రాకపోతే బొమ్మలో ఏదో ఒక పరమాణువును రెండుసార్లు గీశారని అర్థం.

రెండో పని: తాకే గీతను పట్టుకోవడం

ప్యాకింగ్ భిన్నం అంటే పెట్టెలో ఉన్న గోళాల మొత్తం ఘనపరిమాణాన్ని పెట్టె ఘనపరిమాణంతో భాగించడం, అంతే. n పరమాణువులుంటే:

ప్యాకింగ్ భిన్నం = n × (4/3)πr³ ÷ a³

n ఇప్పటికే తెలుసు. ఇక కావలసింది a కీ r కీ ఉన్న సంబంధం. అది ఎక్కడ దొరుకుతుందంటే, గోళాలు ఒకదానినొకటి నిజంగా తాకే గీత మీద. ఆ గీత ఒక్కో నిర్మాణంలో ఒక్కోటి: సరళ ఘనంలో అంచు, అంతఃకేంద్రితంలో పెట్టెను ఆ మూల నుంచి ఈ మూలకు చీల్చే ఘన కర్ణం, ఫలక కేంద్రితంలో ఫలకం మీది కర్ణం. సూత్రం రాసే ముందు ఆ గీతను పెన్సిలుతో గీసి, దాని మీద ఎన్ని వ్యాసార్థాలు పడుతున్నాయో వేలు పెట్టి లెక్కపెట్టండి.

సరళ ఘనంతో పెద్దగా పేచీ లేదు. మూలలోని గోళం పక్క మూలలోని గోళాన్ని అంచు మీదే తాకుతుంది. a = 2r. కాబట్టి a³ = 8r³, భిన్నం π/6, అంటే 0.5236. పెట్టెలో దాదాపు సగం గాలే. గోళీలతో చేసి చూస్తే ఒక సంగతి బోధపడుతుంది: నాలుగు గోళీల మీద సరిగ్గా నెత్తిన నెత్తి పెట్టినట్టు మరో నాలుగు నిలబెట్టాలంటే మట్టి లేకుండా కుదరదు. వదిలేస్తే పై గోళీలు జారి గుంటల్లోకి దిగిపోతాయి. మూలకాల్లో మామూలు పరిస్థితుల్లో ఇలా అమరినది పొలోనియం ఒక్కటే అని చెబితే, గోళీలు జారడం చూసిన పిల్లలకు పెద్దగా వింత అనిపించదు.

అంతఃకేంద్రితం: రెండున్నర మిల్లీమీటర్ల సందు

ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగుదాం. నూట ఐదు శాతం వచ్చింది ఇక్కడే.

నాలుగు గోళీలను చతురస్రంగా, ఒకదానికొకటి ఆనించి పెట్టండి. మధ్య గుంటలో ఐదో గోళీ పెట్టండి. దాని మీద మళ్లీ నాలుగు, కింది నాలుగింటికి సరిగ్గా నెత్తిన వచ్చేలా మట్టితో నిలబెట్టండి. మూలలకు ఎనిమిది, నడుమ ఒకటి: చూడటానికి అంతఃకేంద్రిత ఘనంలాగే ఉంటుంది. ఇప్పుడు స్కేలు తీసుకోండి. పక్కపక్కనున్న రెండు మూల గోళీల కేంద్రాల మధ్య దూరం 16 మి.మీ. నిలువునా కింది మూల గోళీ కేంద్రం నుంచి పై మూల గోళీ కేంద్రం దాకా కొలిస్తే సుమారు 22.6 మి.మీ. వస్తుంది. ఇది ఘనం కాదు, నిలువు పెట్టె! మీరు కట్టింది అంతఃకేంద్రిత ఘనమే కాదు.

మా అబ్బాయి కాగితం మీద చేసిన తప్పు సరిగ్గా ఇదే. మూల గోళాలను ఒకదానికొకటి ఆనించి, ఆ ఇరుకు ఘనంలో నడుమ ఇంకో పూర్తి గోళాన్ని దూర్చాడు. సరళ ఘనం మధ్యలో ఉండే ఖాళీలో అంత గోళం పట్టదు. కాగితం ఏమీ అనలేదు కాబట్టి లెక్క 2 × π/6 = 1.047 దాకా సాఫీగా సాగిపోయింది. గోళీలైతే ఒప్పుకోవు, నడుమ గోళీ పై నాలుగింటినీ ఎత్తి నిలబెడుతుంది.

నిజమైన అంతఃకేంద్రిత ఘనం కావాలంటే మూల గోళీలను కాస్త ఎడంగా జరపాలి. ఎంత ఎడంగా? తాకే గీత ఘన కర్ణం. ఒక చివర మూల గోళంలో ఒక r, నడుమ గోళం పూర్తి వ్యాసం 2r, అవతలి చివర మళ్లీ r. మొత్తం 4r. ఇక ఘన కర్ణం పొడవు కోసం పైథాగరస్‌ను రెండుసార్లు పిలవాలి. ఫలక కర్ణం వర్గం a² + a² = 2a². ఘన కర్ణం వర్గం దానికి మరో a² కలిపితే 3a². కర్ణం √3 a.

√3 a = 4r, కాబట్టి a = 4r/√3 = 2.309 r

మన గోళీకి r = 8 మి.మీ., కాబట్టి a సుమారు 18.5 మి.మీ. అంటే మూల గోళీల మధ్య రెండున్నర మిల్లీమీటర్ల సందు వదలాలి. అట్టముక్క మీద 18.5 మి.మీ. భుజంతో చతురస్రం గీసి, మూలల మీద మట్టి చుక్కలు పెట్టి గోళీలు కూర్చోబెట్టండి. నడుమ గోళీ ఈసారి కొంచెం లోతుగా దిగుతుంది. పైన నాలుగు పెట్టాక నిలువు కొలత కూడా 18.5 దగ్గరికి వస్తుంది. అడ్డం, నిలువు సమానమైతేనే ఘనం కట్టినట్టు. కళ్లతో కాదు, స్కేలుతో తేల్చుకోండి.

ఇప్పుడు భిన్నం:

2 × (4/3)πr³ ÷ (4r/√3)³ = √3π/8 = 0.6802

68 శాతం. ఇక్కడ ఇంకో తప్పు కూడా ఎదురవుతుంది, అది మరీ మోసకారి. కొందరు ఘన కర్ణానికి బదులు ఫలక కర్ణం తీసుకొని √2 a = 4r అని రాస్తారు. అప్పుడు భిన్నం 0.37 వస్తుంది. ఒకటికి మించలేదు కాబట్టి అనుమానం రాదు. కానీ అంతఃకేంద్రితంలో ఫలకం మధ్యన గోళమే లేదు. 4r అని రాయడమంటే లేని గోళానికి 2r ఇవ్వడమే. దీన్ని పట్టుకోవడానికి సరళ ఘనం గుర్తుంటే చాలు. ఎనిమిది మూలలు మాత్రమే ఉన్నదానికి 52 శాతం వస్తే, నడుమ ఇంకొకటి చేరి స్థిరంగా కూర్చున్నదానికి 37 శాతం రావడం ఏమిటని ఆగి అడగాలి.

బత్తాయిల గుట్టలో ఫలక కేంద్రితం

గంటస్తంభం వైపు వెళ్లినప్పుడు పళ్ల బండి దగ్గర ఒక నిమిషం ఆగండి. అడుగున చతురస్రంగా పరిచి, గుంటల్లో పై వరుస, దాని గుంటల్లో ఇంకో వరుస, చివరికి కొనదేలేలా బత్తాయిలు పేరుస్తారు. ఆ పేర్పే ఫలక కేంద్రిత ఘనం. పిల్లలకు ఇది ఒక పట్టాన కనిపించదు, ఎందుకంటే పెట్టె అడుగు వరుసలకు నలభై ఐదు డిగ్రీలు తిరిగి ఉంటుంది.

అడుగు వరుసలో ఏదో ఒక పండును ఎంచుకోండి. దానికి కుడి, ఎడమ, ముందు, వెనుక తాకే నాలుగు పళ్లున్నాయి. ఆ నాలుగే పెట్టె కింది ఫలకం మూలలు. మీరు ఎంచుకున్నది ఆ ఫలకం మధ్యది. రెండో వరుసలో గుంటల్లో కూర్చున్న నాలుగు పళ్లు నాలుగు పక్క ఫలకాల మధ్యలవి. మూడో వరుసలో మళ్లీ ఐదు: పై ఫలకం నాలుగు మూలలు, దాని మధ్యది. ఐదు, నాలుగు, ఐదు, మొత్తం పద్నాలుగు. మూలలు ఎనిమిది, ఫలకాలు ఆరు, సరిపోయింది. మీరు తెచ్చిన పద్నాలుగు గోళీలతో దీన్ని విడిగా కట్టేటప్పుడు రెండో వరుసలోని నాలుగూ బయటికి దొర్లుతాయి, ఎందుకంటే అసలు గుట్టలో వాటిని బయటి వైపు నుంచి పట్టుకునే పొరుగు పళ్లు మీ దగ్గర లేవు. మట్టి కాస్త ఎక్కువ పెట్టండి.

తాకే గీత ఇక్కడ స్పష్టంగా కనిపిస్తుంది. ఫలకం కర్ణం మీద మూల, మధ్య, మూల: r + 2r + r. మూలకూ మూలకూ మధ్య అంచు మీద సందు ఉంటుంది.

√2 a = 4r, కాబట్టి a = 2√2 r = 2.828 r

గోళీతో a = 22.6 మి.మీ. ఈ సంఖ్య ఎక్కడో చూసినట్టు లేదూ? ఇందాక సందు లేకుండా పేర్చి, పొరపాటున కట్టిన నిలువు పెట్టె ఎత్తు ఇదే. అది యాదృచ్ఛికం కాదు. గోళీలను చతురస్రంగా ఆనించి, గుంటలో పైది పెట్టడమంటే బత్తాయిల గుట్ట కట్టడమే. అంతఃకేంద్రితం కడుతున్నాననుకుంటూ మీరు కట్టింది ఫలక కేంద్రితాన్ని, పక్కకు తిప్పి చూస్తే. రెండు నిర్మాణాలకూ మధ్య ఉన్న తేడా ఆ రెండున్నర మిల్లీమీటర్ల సందు, దానితో పాటు తగ్గే ఎత్తు మాత్రమే.

4 × (4/3)πr³ ÷ (2√2 r)³ = √2π/6 = 0.7405

సమాన గోళాలను ఇంతకంటే దట్టంగా పేర్చలేమని కెప్లర్ 1611లో అన్నాడు. నిజమేనని థామస్ హేల్స్ 1998లో కంప్యూటర్ సాయంతో నిరూపించేదాకా దాదాపు నాలుగు శతాబ్దాలు పట్టింది. బండివాడు మాత్రం నిరూపణ కోసం ఆగలేదు.

మూడో పని: తక్కెడతో సరిచూడటం

మీ సమాధానం సరైనదో కాదో లెక్కలోనే తేల్చుకోవచ్చు. దానికి పదార్థం సాంద్రత సాక్షి. రాగిని తీసుకుందాం. శ్రీకాకుళం జిల్లా బుడితిలో చేసే ఇత్తడి సామాన్లలోనూ ప్రధాన లోహం అదే. రాగిది ఫలక కేంద్రిత ఘనం, అంచు పొడవు 3.615 ఆంగ్‌స్ట్రామ్‌లు, పరమాణు భారం 63.55.

ముందు పెట్టె ఘనపరిమాణం. 3.615 ను మూడుసార్లు గుణిస్తే 47.24. ఒక ఆంగ్‌స్ట్రామ్ అంటే 10⁻⁸ సెం.మీ. కాబట్టి దాని ఘనం 10⁻²⁴. ఘనపరిమాణం 47.24 × 10⁻²⁴ ఘన సెం.మీ. చాలామంది ఇక్కడ సంఖ్యను ఘనం చేసి, 10⁻⁸ ని అలాగే వదిలేస్తారు. జవాబులో పదహారు సున్నాల తేడా వస్తే తప్పు ఇక్కడే వెతకండి.

తర్వాత పెట్టెలోని బరువు. నాలుగు పరమాణువుల భారాన్ని అవగాడ్రో సంఖ్యతో భాగించాలి: 4 × 63.55 ÷ (6.022 × 10²³) = 4.221 × 10⁻²² గ్రాములు. దీన్ని ఘనపరిమాణంతో భాగిస్తే ఘన సెంటీమీటరుకు 8.94 గ్రాములు. పట్టికల్లో రాగి సాంద్రత 8.96 అని ఉంటుంది. సరిపోయింది. అదే పొరపాటున పెట్టెలో పరమాణువులు 2 అని లెక్కపెట్టి ఉంటే సగం, అంటే 4.47 వచ్చేది. 5 అంటే 11 దాటేది. రాగి బిందె ఎత్తినవారెవరూ ఆ సంఖ్యలను ఒప్పుకోరు.

వ్యాసార్థం కూడా చూసుకుందాం. r = √2 × 3.615 ÷ 4 = 1.278 ఆంగ్‌స్ట్రామ్‌లు. రాగి లోహ వ్యాసార్థంగా పుస్తకాల్లో కనిపించే 1.28 ఇదే. తాకే గీత తప్పుగా పట్టుకుంటే సాంద్రత మారదు, వ్యాసార్థం మారుతుంది. పరమాణువుల సంఖ్య తప్పితే వ్యాసార్థం మారదు, సాంద్రత మారుతుంది. రెండూ చూస్తే తప్పు మొదటి పనిలో జరిగిందో రెండో పనిలో జరిగిందో కూడా తెలుస్తుంది.

ఒక అపోహను మాత్రం ఇప్పుడే వదిలించుకోండి. ప్యాకింగ్ భిన్నం ఎక్కువైతే లోహం బరువుగా ఉంటుందని కాదు. 74 శాతం నిండిన అల్యూమినియం సాంద్రత 2.7, 68 శాతమే నిండిన టంగ్‌స్టన్‌ది 19.3. పెట్టె ఎంత నిండిందన్నది ఒకటి, దేనితో నిండిందన్నది మరొకటి.

ఇనుము దగ్గర గోళీ మాట వినదు

మనం పరమాణువును గట్టి గోళీగా అనుకున్నాం. ఆ ఊహకు హద్దు ఎక్కడుందో ఇనుము చూపిస్తుంది. మామూలు ఉష్ణోగ్రతలో స్వచ్ఛమైన ఇనుముది అంతఃకేంద్రిత ఘనం. 912 డిగ్రీల సెల్సియస్ దాటాక అది ఫలక కేంద్రితంగా మారుతుంది. గోళీలే అయితే 68 శాతం నుంచి 74 శాతానికి దట్టపడాలి కాబట్టి, 0.6802 ÷ 0.7405 = 0.919, ఇనుప ముక్క ఘనపరిమాణం ఒక్కసారిగా 8 శాతం తగ్గాలి. నిజంగా తగ్గేది సుమారు 1 శాతమే.

మిగతా ఏడు శాతం ఏమైంది? అంతఃకేంద్రితంలో ఒక్కో పరమాణువును తాకే పొరుగువి ఎనిమిది. ఫలక కేంద్రితంలో పన్నెండు. పొరుగువారు పెరిగినకొద్దీ బంధాలు పలచబడి, పరమాణువుల మధ్య దూరం కాస్త పెరుగుతుంది. అంటే r మారిపోతుంది. పైగా అంతఃకేంద్రితంలో ఆ ఎనిమిదింటి తర్వాత మరో ఆరు a దూరంలో, అంటే కేవలం 15 శాతం ఎడంగా ఉన్నాయి. వాటి ఆకర్షణ కూడా ఉంటుంది. అందుకే ఒక నిర్మాణంలో కట్టిన r ను తీసుకెళ్లి ఇంకో నిర్మాణంలో పెట్టి a కనుక్కోకండి. పరీక్షలో "వ్యాసార్థం మారదనుకుంటే" అని ప్రశ్నలోనే ఇస్తే చేయండి. ఇవ్వకపోతే ఆ మాట మీరే రాసి, ఆ తర్వాత లెక్క మొదలుపెట్టండి.

గరివిడి నుంచి వచ్చిన ప్రశ్న

ఈ పాఠం అంతా అయ్యాక గరివిడి నుంచి వచ్చే ఒక అమ్మాయి అడిగింది: "మాస్టారూ, మా ఊరి వైపు దొరికేది మాంగనీసు కదా, అది ఈ మూడింట్లో ఏది?" అప్పటిదాకా రాగి, ఇనుము చెప్పుకుంటూ తప్పించుకున్నాను.

మాంగనీసు లోహం మామూలు ఉష్ణోగ్రతలో ఘన పెట్టెలోనే అమరుతుంది. పుస్తకంలో దాని పేరు పక్కన అంతఃకేంద్రితం అని కూడా కనిపిస్తుంది. అది చూసి 2 అని రాస్తే మునిగినట్టే. అంతఃకేంద్రితం అన్న మాట, మూల దగ్గర ఏ అమరిక ఉందో నడుమ కూడా అదే అమరిక మళ్లీ వస్తుందని మాత్రమే చెబుతుంది. ఆ అమరికలో ఒక్క పరమాణువే ఉండాలని లేదు. మూలల్లో, నడుమ ఒక్కో పరమాణువే ఉన్న ఇనుము వంటి లోహాలకే మన లెక్క వర్తిస్తుంది.

మరి ఎన్ని? బొమ్మ చూసి లెక్కపెట్టడం కష్టం కాబట్టి, సరిచూడటానికి వాడిన తక్కెడనే ఈసారి లెక్కపెట్టడానికి వాడదాం. సాంద్రత ρ తెలిస్తే:

n = ρ × a³ × N ÷ M

మాంగనీసు a = 8.91 ఆంగ్‌స్ట్రామ్‌లు, సాంద్రత సుమారు 7.45, పరమాణు భారం 54.94, N అవగాడ్రో సంఖ్య. 8.91 ఘనం 707.3. దాన్ని 7.45 తో గుణిస్తే 5269. అవగాడ్రో సంఖ్యను, 10⁻²⁴ ను కలిపితే 0.6022; దానితో గుణిస్తే 3173. దాన్ని 54.94 తో భాగిస్తే 57.8. పరమాణువులు ముక్కలుగా ఉండవు, కొలతల్లో చిన్న తేడాలుంటాయి, కాబట్టి దగ్గరి పూర్ణసంఖ్య తీసుకోవాలి: 58. అంతఃకేంద్రితం కాబట్టి సరిసంఖ్యే రావాలి, అది కూడా సరిపోయింది. మూల దగ్గర 29, నడుమ 29.

ఆ అమ్మాయి కాసేపు మట్టి ముద్ద వైపు, గోళీల వైపు చూసి, "ఇంకో నలభై నాలుగు కొనాలి మాస్టారూ" అంది.